ఫంక్ రాక్‌కి ఊగినవాళ్లు డిస్కో రికార్డులు ఎందుకు పగలగొట్టారు? 1979 గొడవలో అసలు సంగతి ఏమిటి?

ప్రణవ్, వరంగల్

నేను రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్‌తో మొదలుపెట్టి వెనక్కి వెళ్తూ వెళ్తూ ఫంకడెలిక్ దాకా, స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ దాకా వచ్చాను. పెప్పర్స్ 1985 ఆల్బమ్‌ని ప్రొడ్యూస్ చేసింది ఫంకడెలిక్ నాయకుడు జార్జ్ క్లింటనే అని తెలిశాక ఆ దారి ఇంకా నచ్చింది.

ఈమధ్య 1979లో చికాగో బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డులు పేల్చేసిన వీడియో చూశాను. వేలమంది కుర్రాళ్లు మైదానంలోకి దూకేశారు. నాకు ఒకటి అర్థం కావట్లేదు. అదే కుర్రాళ్లు ఏరోస్మిత్ 'వాక్ దిస్ వే'కి ఊగిపోయినవాళ్లే కదా? ఆ పాట నిండా ఫంకే. వైల్డ్ చెర్రీ అనే తెల్లవాళ్ల రాక్ బ్యాండ్ 1976లో ఫంక్ పాటతోనే అమెరికాలో నంబర్ వన్ కొట్టింది. రాక్‌లో ఫంక్ కలిస్తే తప్పు లేదు, డిస్కో కలిస్తే మాత్రం ద్రోహం ఎలా అయింది? అది సంగీతం మీద కోపమా, మనుషుల మీద కోపమా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

చైతన్య

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు బ్రో. రాక్, ఫంక్ రెండూ బ్యాండ్ సంగీతం. నలుగురైదుగురు ఒక గదిలో నిలబడి చెమటోడ్చి వాయిస్తారు. డిస్కో ప్రొడ్యూసర్ సంగీతం. మెషీన్ దరువు పెట్టి, పైన వయొలిన్లు అతికించి, ఎవరో ఒక గాయనిని పిలిచి పాడిస్తారు. డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్' (1977) వినండి, పాట మొత్తం సింథసైజర్ మీదే నడుస్తుంది.

పైగా 1979 నాటికి ఎవరు పడితే వాళ్లు డిస్కో ఆల్బమ్ చేశారు. బ్రాడ్‌వే పెద్దావిడ ఎథెల్ మెర్మన్ కూడా చేసింది. 1976లో ఒక రేడియో జాకీ బాతు గొంతు పెట్టి 'డిస్కో డక్' అని పాట చేస్తే అది నంబర్ వన్ అయింది. జనానికి విసుగు పుట్టింది, ఆ రాత్రితో డిస్కో చచ్చిపోయింది. దీనికి జాతి, రంగు అంటగట్టడం తర్వాతి తరం మేధావులు చేసిన పని అని నా అభిప్రాయం.

సతీష్, వైజాగ్

నేను బాస్ గిటార్ వాయిస్తాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెప్తాను. మా బ్యాండ్‌లో క్వీన్ 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' ఎప్పుడూ వాయిస్తాం. రాక్ జనం మొదటి మూడు దెబ్బలకే అరుపులు మొదలుపెడతారు. ఒకసారి దాని వెంటనే, ఆపకుండా, చిక్ వాళ్ల 'గుడ్ టైమ్స్' బాస్‌లోకి వెళ్లిపోయాను. డ్రమ్మర్ వేగం మార్చలేదు, నేను చెయ్యి ఉన్న చోటు నుంచి పెద్దగా కదపలేదు. ముందు వరసలో ఉన్నవాళ్లు రెండోది కూడా క్వీన్ పాటే అనుకుని ఊగుతూనే ఉన్నారు.

ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు. రెండూ నిమిషానికి ఇంచుమించు 110 దెబ్బల వేగం. రెండూ లావు తీగ మీద, అంటే 'E' అనే స్వరం మీద మూడు దెబ్బలతో మొదలవుతాయి. మూడో దెబ్బ తర్వాత ఖాళీ. ఆ ఖాళీలోనే మజా అంతా ఉంది. అక్కణ్నుంచి చిక్ లైను పైకి ఎగబాకుతూ ఒక చుట్టు చుట్టి వస్తుంది. క్వీన్ లైను ఎక్కువ దూరం పోకుండా మళ్లీ అదే స్వరం చుట్టూ తిరుగుతుంది. కింద కిక్ డ్రమ్ రెండింటిలోనూ నాలుగు మాత్రలకీ సమానంగా పడుతుంది. దీన్నే కదా డిస్కో దరువు అంటారు?

చిక్ పాట 1979 వేసవిది, క్వీన్ పాట 1980ది. అందుకే ప్రణవ్ అడిగిన ప్రశ్న నాకూ ఉంది. ఏడాది తేడాతో ఒకటి రాక్ ఎలా అయింది, ఇంకోటి డిస్కో ఎలా అయింది?

భాస్కరరావు

డిస్కో ఎక్కడ చచ్చిపోయిందండీ? 1980లో 'కుర్బానీ'లో నాజియా హసన్ పాట, 1982లో 'డిస్కో డాన్సర్', బప్పీ లాహిరి. మన తెలుగు సినిమాల్లో అయితే ఆ తర్వాతే మెరుపు లైట్లు, తళుకు కోట్లు మొదలయ్యాయి. మా ఊళ్లో పెళ్లి బ్యాండు వాళ్లు 85, 86 దాకా అవే వాయించారు. ఇక్కడ ఎవరికీ డిస్కో మీద కోపం లేదు, ఇష్టం తప్ప. మీరంతా మిథున్ చక్రవర్తిని మర్చిపోయారు.

రామకృష్ణ, న్యూజెర్సీ

భాస్కరరావు గారూ, అది వేరే కథ. అయినా ఒక కొస ఇక్కడికి తగులుతుంది. 'కుర్బానీ'లో ఆ పాట చేసిన బిద్దు బెంగళూరులో పుట్టినాయన. 1974లో లండన్‌లో 'కుంగ్ ఫూ ఫైటింగ్' చేసి అమెరికాలో నంబర్ వన్ కొట్టాడు. అంటే డిస్కో మొదటి అలలోనే మనవాడు ఒకడున్నాడు.

ప్రణవ్, నీ ప్రశ్నకు జవాబు సతీష్ తీసుకొచ్చిన ఉదాహరణలోనే ఉంది. దాన్ని కొంచెం విప్పి చెప్తాను.

చిక్ అనే బ్యాండ్‌కి మూలం ముగ్గురు. గిటార్ నైల్ రోజర్స్, బాస్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్, డ్రమ్స్ టోనీ థాంప్సన్. డెబ్బైల మధ్యలో రోజర్స్, ఎడ్వర్డ్స్ మొదలుపెట్టింది డిస్కో కాదు, రాక్ బ్యాండ్. న్యూయార్క్‌లో తిరిగి ప్రదర్శనలు ఇచ్చారు, డెమో టేపులు చేశారు. కంపెనీలకు టేపు నచ్చేది. మనుషుల్ని చూశాక మాత్రం నల్లవాళ్ల రాక్ బ్యాండ్‌ని ఎలా అమ్మాలో తెలియదనేవి. ఈ సంగతి రోజర్స్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అతనికి రాక్సీ మ్యూజిక్ వాళ్ల దర్జా అంటే పిచ్చి, కిస్ బ్యాండ్ ముఖాలకు రంగు పూసుకుని అజ్ఞాతంగా ఉండటం నచ్చేది. ఆ రెండూ కలిపి సూట్లు వేసుకున్న, ముఖం లేని ఒక బ్యాండ్ తయారు చేశాడు. అదే చిక్. డిస్కో క్లబ్బుల తలుపు తెరిచి ఉంది, రాక్ తలుపు మూసి ఉంది. వాళ్లు తెరిచి ఉన్న తలుపులోంచి వెళ్లారు.

ఇక క్వీన్ సంగతి. వాళ్ల బాస్ ప్లేయర్ జాన్ డీకన్‌కి చిన్నప్పటి నుంచి నల్లవాళ్ల సోల్, ఫంక్ అంటే ప్రాణం. అతను చిక్ వాళ్ల స్టూడియోలో కూర్చుని వచ్చాడని ఎడ్వర్డ్స్ చెప్పాడు. ఎడ్వర్డ్స్‌కి దానిమీద కోపం లేదు. పత్రికలు మాత్రం చిక్ వాళ్లే క్వీన్‌ని కాపీ కొట్టారన్నట్టు రాసేసరికి బాధపడ్డాడు. ఏ పాట ముందు వచ్చిందో కూడా చూడలేదు వాళ్లు.

చైతన్య చెప్పిన మెషీన్ వాదన ఈ జంట దగ్గర తిరగబడుతుంది. 'గుడ్ టైమ్స్' దరువు ముగ్గురు మనుషులు ఒకరినొకరు వింటూ వాయించింది. క్వీన్ పాటలో డ్రమ్స్ కింద ఉన్నది టేప్ లూప్. రోజర్ టేలర్ డ్రమ్ములో దుప్పట్లు కూరి, శబ్దం పొడిగా ఉండేలా రికార్డు చేసి, ఆ ముక్కనే తిప్పారు. మీ కొలత ప్రకారం చూస్తే ఇందులో బ్యాండ్ సంగీతం చిక్‌ది, ప్రొడ్యూసర్ సంగీతం క్వీన్‌ది.

క్వీన్ పాట నంబర్ వన్ అయింది. నల్లవాళ్ల రేడియో స్టేషన్లు ముందు ఎత్తుకున్నాయి, రాక్ స్టేషన్లు కూడా వేశాయి. చిక్ పాటను రాక్ స్టేషన్లు ముట్టుకోలేదు. చెవికి తేడా దాదాపు లేదు. తేడా ఎక్కడుంది? రికార్డు కవరు మీద ఉన్న బొమ్మలో, షాపులో పెట్టే అరలో, రేడియో స్టేషన్ జాబితాలో.

చైతన్య

రామకృష్ణ గారూ, చిక్ గొప్ప బ్యాండే, నేను కాదనను. కానీ అది మినహాయింపు కదా? డిస్కో అంటే చిక్ ఒక్కటే కాదు. వంద చెత్త రికార్డుల మధ్య ఒక మంచి బ్యాండ్ ఉంటే, జనం వందకీ కలిపి విసుక్కున్నారు. ఆ కోపానికి అర్థం ఉంది. ఇంకోటి, క్వీన్ 1982లో 'హాట్ స్పేస్' అని ఆల్బమ్ నిండా అలాంటి పాటలే పెడితే సొంత అభిమానులే తిప్పికొట్టారు. క్వీన్‌ని జనం తెల్లవాళ్ల బ్యాండ్‌గానే చూశారు కదా? అక్కడ రంగు ఎక్కడుంది?

మాధవి, నేపర్‌విల్

నేను చికాగో పక్కనే ఉంటాను. ఇక్కడ డెబ్బైల్లో హైస్కూల్ చదివిన వాళ్లతో ఈ మాట ఎత్తితే ఇప్పటికీ రెండు పార్టీలు అవుతాయి. ఆ రాత్రి ఏం జరిగిందో వరసగా చెప్తాను, ఎందుకంటే వీడియోలో కనిపించేది చివరి ముక్క మాత్రమే.

మొదలు రేడియో నుంచి. స్టీవ్ డాల్ అనే కుర్ర జాకీ చికాగోలో డబ్ల్యూడీఏఐ అనే రాక్ స్టేషన్‌లో పనిచేసేవాడు. 1978 చివర్లో ఆ స్టేషన్ రాత్రికి రాత్రే డిస్కోకి మారింది. అతని ఉద్యోగం పోయింది. కొన్ని నెలల తర్వాత డబ్ల్యూఎల్‌యూపీ అనే పోటీ రాక్ స్టేషన్‌లో చేరి, రోజూ పొద్దున డిస్కో రికార్డు పెట్టడం, సూదిని గీరేసి పేలుడు శబ్దం వినిపించడం మొదలుపెట్టాడు. అది బాగా పండింది. ఆ ముందు జులైలోనే న్యూయార్క్‌లో డబ్ల్యూకేటీయూ డిస్కోకి మారి, కొద్ది నెలల్లో నగరంలో మొదటి స్థానానికి వెళ్లింది. దాన్ని చూసి దేశమంతా స్టేషన్ల ఓనర్లు మారిపోతున్నారు. అంటే రాక్ వినేవాళ్ల భయం ఊరికే పుట్టలేదు. నిన్నటిదాకా తన పాటలు వచ్చిన మీటర్ మీద పొద్దున లేచేసరికి వేరేవాళ్ల పాటలు వస్తున్నాయి.

వైట్ సాక్స్ జట్టు ఆ ఏడాది బాగా ఆడట్లేదు, స్టేడియం నిండట్లేదు. ఓనర్ బిల్ వీక్ కొడుకు మైక్ వీక్ ప్రచారం చూసేవాడు. స్టేషన్ వాళ్లతో కలిసి ఒక ఉపాయం వేశారు. జులై 12న డెట్రాయిట్ టైగర్స్‌తో ఒకే టికెట్ మీద రెండు మ్యాచులు. ఒక డిస్కో రికార్డు తెచ్చినవాళ్లకు టికెట్ 98 సెంట్లు, ఎందుకంటే స్టేషన్ నంబరు 97.9. మొదటి మ్యాచ్ తర్వాత డాల్ వచ్చి ఆ రికార్డులన్నీ పెట్టెలో వేసి పేల్చేస్తాడు. ఇరవై వేలమంది వస్తే గొప్ప అనుకున్నారు. లెక్క ప్రకారం లోపలికి వచ్చినవాళ్లే 47,795 మంది. ఇంకా వేలమంది బయట ఉండి గేట్లు ఎక్కారు.

గేటు దగ్గర రికార్డులు వేసే డబ్బాలు నిండిపోయాయి. సిబ్బంది తీసుకోవడం మానేశారు. దాంతో జనం వాటిని చేతుల్లోనే పట్టుకుని లోపలికి వెళ్లి, మొదటి మ్యాచ్ జరుగుతుండగానే పైనుంచి విసిరారు. అవి గిరగిరా తిరుగుతూ వచ్చి గడ్డిలో నిలువుగా దిగబడేవని ఆటగాళ్లు చెప్పారు. కొందరు ఫీల్డర్లు హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డారు. తర్వాత డాల్ మిలిటరీ కోటు, హెల్మెట్‌తో వచ్చి పెట్టె పేల్చాడు. మైదానంలో గొయ్యి పడింది. అప్పుడు వేలమంది దిగి బేస్‌లు పీక్కుపోయారు, బ్యాటింగ్ కేజ్ విరగ్గొట్టారు, మంటలు పెట్టారు. బిల్ వీక్ మైకు పట్టుకుని సీట్లలోకి వెళ్లమని బతిమాలినా ఎవరూ వినలేదు. పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు, 39 మందిని అరెస్టు చేశారు. రెండో మ్యాచ్ ఆడటానికి వీల్లేక టైగర్స్ గెలిచినట్టు ప్రకటించారు.

ఇదంతా ఒక ఎత్తు. గేటు దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి మాట ఇంకో ఎత్తు. విన్స్ లారెన్స్, అప్పుడు పదిహేనేళ్ల నల్ల పిల్లాడు, సింథసైజర్ కొనుక్కోవడానికి డబ్బు దాచుకుంటూ ఆ స్టేడియంలో జనానికి సీట్లు చూపించే అషర్‌గా చేసేవాడు. జనం తెచ్చిన రికార్డుల్లో చాలావాటికి డిస్కోతో సంబంధమే లేదని తర్వాత చెప్పాడు. మార్విన్ గే, టైరోన్ డేవిస్, అలాంటి మామూలు సోల్ రికార్డులు కూడా ఉన్నాయట. నల్లవాళ్ల రికార్డు అయితే చాలు, 98 సెంట్ల టికెట్ దొరికింది.

ప్రణవ్, వరంగల్

మాధవి గారూ, థాంక్యూ. మార్విన్ గే సంగతి నాకు అస్సలు తెలియదు. అంటే అక్కడ ఫంక్ రికార్డులు కూడా పోయి ఉంటాయా?

మాధవి, నేపర్‌విల్

ఏయే పేర్లు పోయాయో ఎవరూ జాబితా రాసి పెట్టలేదు. ఇంట్లో వద్దనుకున్న రికార్డు ఏదో ఒకటి పట్టుకొచ్చినవాళ్లూ ఉంటారు. అయితే 'వద్దనుకున్నది' అని చేతికి అందింది ఏమిటో లారెన్స్ చూశాడు. డాల్ మాత్రం ఇందులో జాతి, స్వలింగ సంపర్కుల మీద ద్వేషం ఏదీ లేదని, రాక్ వినే పిల్లలు తమ ఉనికి కోసం అరిచారని ఈనాటికీ అంటాడు. అతని మనసులో ఏముందో నేను తేల్చలేను.

అదే 1979లో 'రోలింగ్ స్టోన్' పత్రికలో డేవ్ మార్ష్ అనే విమర్శకుడు మాత్రం దీన్ని సూటిగా చెప్పేశాడు. 18 నుంచి 34 ఏళ్ల తెల్ల మగవాళ్లకు డిస్కో అంటే నల్లవాళ్లు, లాటినోలు, స్వలింగ సంపర్కుల సరుకుగా కనిపిస్తోందని, దాన్ని తుడిచేద్దాం అనే పిలుపుకి వాళ్లే ముందు లేస్తారని రాశాడు. చైతన్య గారూ, అది తర్వాతి తరం మేధావుల మాట కాదు. అదే ఏడాది, రాక్ పత్రికలో, రాక్ విమర్శకుడు రాసిన మాట.

సతీష్, వైజాగ్

ఆ 18 నుంచి 34 అనే అంకె ఎక్కణ్నుంచి వచ్చింది? అంత కచ్చితంగా ఎలా చెప్పాడు?

రామకృష్ణ, న్యూజెర్సీ

మంచి ప్రశ్న సతీష్. అది ప్రకటనలవాళ్ల అంకె. ఫంక్ రాక్ గతి ఏమైందో తెలియాలంటే ఇదే తాళంచెవి.

డెబ్బైల మొదట్లో అమెరికా ఎఫ్ఎమ్ రాక్ స్టేషన్లలో జాకీ ఇష్టం వచ్చింది వేసుకునేవాడు. లెడ్ జెప్పెలిన్ తర్వాత స్లై, దాని తర్వాత హెండ్రిక్స్, ఆపైన వార్ అనే ఫంక్ బ్యాండ్. శ్రోతకు అదంతా ఒకటే. దశాబ్దం మధ్యకు వచ్చేసరికి కన్సల్టెంట్లు దిగారు. లీ అబ్రామ్స్ అనే ఆయన పేరు ఎక్కువ వినిపిస్తుంది. శ్రోతల్ని సర్వే చేసి, ఏ పాట వస్తే స్టేషన్ మారుస్తారో చూసి, ఆ పాటలు తీసేశారు. ఎవర్ని సర్వే చేశారు? బీరు, కారు కంపెనీలకు కావలసిన కొనుగోలుదారుల్ని, అంటే ఎక్కువగా ఆ వయసు తెల్ల మగవాళ్లని. దీనికి ఆల్బమ్ ఓరియెంటెడ్ రాక్ అని పేరు. అలా వడగట్టగా మిగిలిన జాబితాలో నల్లవాళ్లు హెండ్రిక్స్ తప్ప దాదాపు లేరు.

ఇప్పుడు ఫంకడెలిక్‌ని తీసుకో. 1971 'మ్యాగట్ బ్రెయిన్'లో ఎడ్డీ హేజెల్ పది నిమిషాల గిటార్ సోలో ఉంది. ఏ రాక్ అభిమానికి వినిపించినా కదిలిపోతాడు. 1978 ఆల్బమ్‌లో ఏకంగా 'ఫంక్ బ్యాండ్ రాక్ వాయించలేదని ఎవరన్నారు?' అనే అర్థం వచ్చే పాట పెట్టారు. అది ఊరికే వేసిన ప్రశ్న కాదు. రాక్ స్టేషన్లు నల్ల బ్యాండ్ అని వేయలేదు, నల్ల స్టేషన్లకు ఆ గిటార్ గోల ఎక్కువైంది. మధ్యలో ఉన్నవాళ్లకు రెండు వైపులా గేటు పడింది. అట్లాంటాలో మదర్స్ ఫైనెస్ట్ అనే బ్యాండ్ ఉంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి భారీ గిటార్ రాక్ వాయించేవాళ్లు. వాళ్లకూ ఇదే కష్టం.

ఇదంతా చికాగో రాత్రికి ముందే మొదలైంది. కాబట్టి డిస్కో మీద కోపంతో రాక్ అభిమానులు హఠాత్తుగా నల్లవాళ్ల సంగీతాన్ని వదిలేశారనడం సరి కాదు. రేడియో వాళ్లు నాలుగైదేళ్లుగా ఆ సంగీతాన్ని వాళ్ల చెవిన పడకుండా చేశారు. 1979 నాటికి పదహారేళ్ల తెల్ల కుర్రాడికి రాక్ అంటే తెల్లవాళ్ల సంగీతం అనే తెలుసు. రాక్‌కి పునాది వేసిన నల్లవాళ్లలో ఒకడైన చక్ బెర్రీ ఎవరో కూడా తెలియకుండా పెరిగినవాళ్లున్నారు.

చైతన్య, 'హాట్ స్పేస్' గురించి మీరు అన్నది నిజమే. అభిమానులు తిరగబడ్డారు. అంతకంటే ముందు డీప్ పర్పుల్‌లో కూడా ఇదే జరిగింది. 1974లో గ్లెన్ హ్యూజ్, కవర్‌డేల్ కలిసి బ్యాండ్‌ని ఫంక్ వైపు లాగితే గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ విసుగెత్తి బయటకు పోయాడు. అంటే గీత దాటిన తెల్లవాడికీ శిక్ష పడేది. ఒక పాట దాకా ముద్దు, ఆల్బమ్ మొత్తం అయితే వద్దు. నాకు అర్థమైనంతలో ఆ గీత గీసింది మాత్రం రంగే.

చైతన్య

రేడియో కన్సల్టెంట్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ మీరు ఫంక్‌ని, డిస్కోని ఒకే పక్కన నిలబెడుతున్నారు. జార్జ్ క్లింటన్ స్వయంగా డిస్కోని తిట్టాడు కదా? అతను కూడా జాతి ద్వేషేనా?

రామకృష్ణ, న్యూజెర్సీ

ఇది చాలా సరైన పాయింటు, చాలామంది దీన్ని దాటేస్తారు.

అవును, క్లింటన్‌కి డిస్కో అంటే పడదు. అతని ఇంకో బ్యాండ్ పార్లమెంట్ 1977 ఆల్బమ్ కథంతా దానిమీదే. నకిలీ మందు మింగి అందరూ ఒకేలా ఊగుతున్నారని, అసలు ఫంక్ వచ్చి కాపాడాలని. 1979 ఫంకడెలిక్ ఆల్బమ్ అట్ట మీద డ్యాన్స్ సంగీతాన్ని నీరసం నుంచి రక్షిద్దాం అని రాసుకున్నారు. అతని ఫిర్యాదు సంగీతంలోనే ఉంది. ఫంక్‌లో బరువంతా మొదటి మాత్ర మీద పడుతుంది, మిగతా మూడు మాత్రల్లో వాయించేవాడికి ఆడుకునే చోటు ఉంటుంది. జేమ్స్ బ్రౌన్ నేర్పింది అదే. డిస్కోలో నాలుగు మాత్రలూ సమానం. ఆ సమానత్వంలో డ్రమ్మర్, బాస్ ప్లేయర్ గొడవపడే చోటు తగ్గిపోతుంది.

పైగా పొట్ట మీద దెబ్బ. పదిమంది ఫంక్ బ్యాండ్‌ని పిలిచే క్లబ్ ఓనర్ ఒక డీజేని, రెండు టర్న్‌టేబుళ్లని పెట్టుకుంటే సరిపోయింది. బ్యాండ్లకు పని పోయింది. కంపెనీలు కూడా ప్రతి ఫంక్ బ్యాండ్‌నీ డిస్కో దరువు వెయ్యమని ఒత్తిడి చేశాయి.

కానీ క్లింటన్ కోపం, ఆ స్టేడియం కోపం ఒకటి కాదు. అతను డ్యాన్స్ సంగీతం ఇంకా బాగుండాలన్నాడు. ఎవర్నీ డ్యాన్స్ చెయ్యొద్దనలేదు. 1979లోనే 'నాట్ జస్ట్ నీ డీప్' అని పదిహేను నిమిషాల పాట చేసి నల్లవాళ్ల చార్టులో మొదటి స్థానానికి తీసుకెళ్లాడు. అదే అతని జవాబు.

ఇంకో సంగతి చూడండి. క్యాసబ్లాంకా అనే ఒకే కంపెనీ డోనా సమ్మర్‌ని, విలేజ్ పీపుల్‌ని, పార్లమెంట్‌ని, కిస్‌ని అమ్మేది. డిస్కో, ఫంక్, రాక్ అన్నీ ఒకే ఆఫీసు. 1979లో కిస్ కూడా డిస్కో దరువు మీద 'ఐ వజ్ మేడ్ ఫర్ లవింగ్ యూ' చేసింది. రోలింగ్ స్టోన్స్ ఏడాది ముందే 'మిస్ యూ'తో నంబర్ వన్ కొట్టారు. అభిమానులు వీధిలో కొట్టుకుంటుంటే లోపల లెక్కలు ఒకే పుస్తకంలో పడేవి.

సతీష్, వైజాగ్

నాలుగు మాత్రలు సమానం అయితే ఆడుకునే చోటు ఉండదు అన్నదానికి ఒక్క చిన్న అడ్డు చెప్పాలి. 'గుడ్ టైమ్స్'లో టోనీ థాంప్సన్ కిక్ సమానంగానే కొడతాడు, కానీ ఎడ్వర్డ్స్ బాస్ దాని మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. కిక్ నేలలా ఉంటే బాస్‌కి ఇంకా ధైర్యం వస్తుంది. వాయించేటప్పుడు ఇది చేతికి తెలుస్తుంది. కాబట్టి క్లింటన్ మాట నాసిరకం డిస్కోకి వర్తిస్తుంది, చిక్‌కి వర్తించదు.

మాధవి, నేపర్‌విల్

ఆ రాత్రితో డిస్కో చచ్చిపోయింది అన్నదానికి కూడా ఒక మాట. 'గుడ్ టైమ్స్' నంబర్ వన్ అయింది స్టేడియం గొడవ జరిగిన ఐదు వారాల తర్వాత, ఆగస్టు 18 చార్టులో. మరుసటి వారమే ద నాక్ అనే గిటార్ బ్యాండ్ 'మై షరోనా'తో దాన్ని దించి ఆరు వారాలు కూర్చుంది. పత్రికలకు కథ దొరికింది, రాక్ గెలిచిందని. కానీ 1980 వేసవిలో 'ఫంకీటౌన్' మళ్లీ నంబర్ వన్. చిక్‌కి మాత్రం 'గుడ్ టైమ్స్' తర్వాత సొంత పేరు మీద టాప్ 40లో ఒక్క పాట కూడా రాలేదు. దరువు బతికింది, దాన్ని చేసినవాళ్లకు రేడియో మూతపడింది. విన్స్ లారెన్స్ కొన్నేళ్లకు చికాగోలోనే జెస్సీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' చేశాడు, 1984లో. డిస్కోలోంచి పుట్టిన హౌస్ అనే డ్యాన్స్ సంగీతంలో మొదటి రికార్డుల్లో దాన్ని లెక్కిస్తారు.

ప్రణవ్, వరంగల్

అయితే చిక్ వాళ్లు ఏమైపోయారు? రాక్ వాళ్లు వాళ్లని ఎప్పటికీ రానివ్వలేదా?

రామకృష్ణ, న్యూజెర్సీ

రానిచ్చారు, వేరేవాళ్ల పేరు మీద. 1983లో డేవిడ్ బౌయీ 'లెట్స్ డ్యాన్స్' ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసింది నైల్ రోజర్స్. డ్రమ్స్ కొన్ని పాటల్లో థాంప్సన్‌వి, గిటార్ సోలోలు స్టీవీ రే వాన్‌వి. ఇక 1985 జులై 13న ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్. లెడ్ జెప్పెలిన్ మిగిలిన ముగ్గురూ చాలా ఏళ్ల తర్వాత స్టేజీ ఎక్కారు. జాన్ బోనమ్ చనిపోయాడు కాబట్టి డ్రమ్స్ మీద ఇద్దర్ని పెట్టారు. ఒకడు ఫిల్ కాలిన్స్, రెండోవాడు టోనీ థాంప్సన్. డిస్కో బ్యాండ్ డ్రమ్మర్, రాక్‌లో అన్నిటికంటే బరువైన కుర్చీలో.

కానీ ఫంక్ రాక్‌నే సొంత పేరు మీద చేసినవాళ్లకు ఎలా ఉండేదో చూడాలంటే ప్రిన్స్ దగ్గరకు వెళ్లాలి. 1981 అక్టోబర్ 9, లాస్ ఏంజిలెస్ కొలీజియం, రోలింగ్ స్టోన్స్ కంటే ముందు వాయించాలి. చేతిలో ఎలక్ట్రిక్ గిటార్, పాటలు ఫంక్, న్యూ వేవ్ కలిసినవి. జనం అల్లరి చేసి, చేతికి దొరికింది విసిరారు. సగంలో దిగిపోయి మినియాపొలిస్ వెళ్లిపోయాడు. స్టోన్స్ గాయకుడు జాగర్ ఫోన్ చేసి నచ్చజెప్పాక రెండో ప్రదర్శనకు వచ్చాడు. 11న మళ్లీ అదే.

చైతన్య

ప్రిన్స్ ఆ రోజు లోదుస్తులు, పొడుగు కోటుతో స్టేజీ ఎక్కాడు. స్టోన్స్ కోసం పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డ జనం ఓపెనింగ్ బ్యాండ్లని అల్లరి పెట్టడం మామూలే. దాన్ని కూడా డిస్కో గొడవలో కలపాలా?

రామకృష్ణ, న్యూజెర్సీ

అదే వేదిక మీద జార్జ్ థొరోగుడ్, జె. గైల్స్ బ్యాండ్ కూడా ఓపెనింగ్ వాయించారు. వాళ్లది కూడా నల్లవాళ్ల బ్లూస్, ఆర్ అండ్ బీలోంచి వచ్చిన సంగీతమే. వాళ్లకి ఇంత జరిగిందని నేను వినలేదు. దుస్తుల వల్ల అనేది కొంత నిజమే. కానీ ఆ దుస్తుల్లో జనానికి ఏం కనిపించింది అన్నదే నా ప్రశ్న. జాగర్ కూడా పెదవులకి రంగు వేసుకుని, బిగుతు దుస్తులతో పాతికేళ్ల వయసు నుంచీ ఆడుతూనే ఉన్నాడు.

చైతన్య

జాగర్‌కి అప్పటికి ఇరవై ఏళ్ల పేరుంది, ప్రిన్స్ అప్పుడు కొత్తవాడు. నేను ఇంకా ఒప్పుకోను. రేడియో విషయంలో మీ మాట నిలుస్తుంది, జనం విషయంలో నిలవదు. ఒక్కొక్కడి మనసులో ఏముందో జాబితాలు చూసి చెప్పలేం.

మాధవి, నేపర్‌విల్

ఒక్కొక్కడి మనసు నాకూ తెలియదు చైతన్య గారూ. గేటు దగ్గర ఏ రికార్డు చెల్లిందో మాత్రం తెలుసు.

భాస్కరరావు

ఇంత చదివాక 'గుడ్ టైమ్స్' విన్నాను. సతీష్ బాబూ, నువ్వు చెప్పిన ఆ మూడు దెబ్బల తర్వాత ఖాళీ నాకు బాగా పట్టుబడింది. క్వీన్ పాటలో బాస్ మొదలయ్యే ముందు ఇంకేదో చిన్న జారు వినిపిస్తోంది, అది గిటారేనా?

సతీష్, వైజాగ్

అదీ బాసే అంకుల్. పైనుంచి ఆ 'E' స్వరానికి దిగే రెండు చిన్న స్వరాలు. చిక్ పాటలో మొదట్లో అది ఉండదు, నేరుగా మొదటి మాత్ర మీద దిగుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చిక్ లాంగ్ వెర్షన్ వినండి, మధ్యలో అందరూ తప్పుకుని బాస్, డ్రమ్స్ మాత్రమే మిగిలే చోటు ఉంది. 1979 శరదృతువులో షుగర్‌హిల్ గ్యాంగ్ 'రాపర్స్ డిలైట్'కి కింద ఆ దరువునే మళ్లీ వాయించి పెట్టారు. ఆ ముక్క పట్టుబడితే మిగతాదంతా సులువు.